బంగారం ధర మోడల్‌కి ఆర్ స్క్వేర్ 0.99 వచ్చింది. దీన్ని నమ్మి పెళ్లి నగలు కొనొచ్చా?

కావలి_కిరణ్ (కావలి)

అందరికీ నమస్తే. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి బంగారం ధర అంచనా తీసుకున్నాను. 2010 జనవరి నుంచి 2024 డిసెంబరు దాకా రోజువారీ ధరలు, పది గ్రాములకి రూపాయల్లో. వెనకటి 60 రోజుల ధరలు ఇస్తే మర్నాటి ధర చెప్పేలా ఎల్‌ఎస్‌టీఎం అనే న్యూరల్ నెట్‌వర్క్ కట్టాను. మొదటి 80 శాతం డేటా ట్రైనింగ్‌కి, చివరి 20 శాతం టెస్టుకి. ఒకటికి ఎంత దగ్గరైతే అంచనా అంత బాగున్నట్టు చెప్పే కొలత ఆర్ స్క్వేర్, అది టెస్టులో 0.99. సగటు తేడా 0.9 శాతం. గ్రాఫ్‌లో అసలు ధర గీత, మోడల్ గీత విడదీసి చూడలేనంతగా కలిసిపోయాయి.

ఇంట్లో చూపించాను. మాఘంలో మా అక్క పెళ్లి. పది సవర్లు తీసుకోవాలి, ఏ వారం తగ్గుతుందో చెప్పరా అంటున్నారు నాన్న. చెప్పేముందు తెలిసినవాళ్లు ఎవరైనా ఒకసారి చూస్తే బాగుంటుందని ఇక్కడ పెడుతున్నాను.

చిన్నబజారు_ఆచారి (నెల్లూరు)

బాబూ, మీ మోడల్ సంగతి నాకు తెలియదు. ఈ రేటు ఎట్టా మారుతుందో మాత్రం రోజూ చూస్తుంటాను. 2024 జులై 23, కేంద్ర బడ్జెట్ రోజు. పొద్దున షాపు తీసేటప్పటికి ఒక రేటు. దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించామని పార్లమెంటులో చదవగానే పదికి నాలుగు వేల దాకా పడిపోయింది. లోపల ఉన్న స్టాకంతా పాత రేటుకి తెచ్చిందే. అంతకుముందు రోజు మీ మోడల్ ఏం చెప్పింది? అది చూసి చెప్పు.

ఒంగోలు_పద్మ (ఒంగోలు)

ఆచారి గారి ప్రశ్న మంచిది, దానికి మళ్లీ వస్తాను. ముందు 0.99 గురించి.

కిరణ్, ఒక్క పని చెయ్యి. నీ మోడల్ పక్కన, ఏ చదువూ లేని ఇంకో మోడల్ నిలబెట్టు. అది చెప్పేది ఒక్కటే: రేపటి ధర ఇవాళ్టి ధరే. అవే టెస్టు తేదీల మీద రెండింటి తేడాలూ కొలువు.

```python
naive = y_test.shift(1)
err_model = ((y_test - pred).abs() / y_test)[1:].mean()
err_naive = ((y_test - naive).abs() / y_test)[1:].mean()
print(err_model, err_naive)
```

తర్వాత గ్రాఫ్‌లో మూడేళ్లూ ఒకేసారి చూడకుండా ఏదో ఒక నెల మాత్రమే పెద్దది చేసి చూడు. మోడల్ గీత అసలు గీత కన్నా ఒక రోజు కుడివైపుకి జరిగి ఉంటే, అది రేపటిని చెప్పడం లేదు, నిన్నటిని అప్పజెబుతోంది.

ఆర్ స్క్వేర్ అంత ఎక్కువ రావడం వింతేమీ కాదు. నీ టెస్టు కాలంలో ధర నలభై ఎనిమిది వేల చిల్లర నుంచి డెబ్బై తొమ్మిది వేల దాకా పోయింది. ఆర్ స్క్వేర్ ఆ మొత్తం ఎత్తుపల్లాలతో నీ తప్పుని పోలుస్తుంది. రోజుకి ధర కదిలేది సగటున ఒక శాతం లోపే. కాబట్టి నిన్నటి ధరనే రాసిపెట్టినా 0.99 వస్తుంది. ఆ అంకె చూసి మోడల్ బాగుందో లేదో చెప్పలేం.

మార్కాపురం_పలక (మార్కాపురం)

పద్మ గారు చెప్పింది కొంతవరకే ఒప్పుకుంటా. ధర ఒక్కటే ఇస్తే నిన్నటిదే తిరిగి చెబుతుంది, నిజమే. అసలు లోపం ఇన్‌పుట్లలో ఉంది. నేను డాలర్ ఇండెక్స్, ముడిచమురు, అమెరికా బంగారం ఫ్యూచర్స్ ముగింపు ధర కలిపి, చాలా నిర్ణయ చెట్లని కలిపి జవాబు చెప్పే ర్యాండమ్ ఫారెస్ట్ నడిపాను. పెరుగుతుందా తగ్గుతుందా అన్నది 67 శాతం రోజులు సరిగ్గా చెప్పింది. క్రాస్ వాలిడేషన్ కూడా చేశాను, డేటాని పది మడతలుగా కోసి ఒక్కోసారి ఒక్కోదాన్ని టెస్టుకి వదిలి. కిరణ్, ఎల్‌ఎస్‌టీఎం వదిలేసి ఇది పట్టుకో.

ఒంగోలు_పద్మ

67 చాలా ఎక్కువ. అందుకే రెండు ప్రశ్నలు అడగాలి. ఆ పది మడతలు తేదీల వరసలో కోశారా, కలగాపులగం చేసి కోశారా? రెండోది, మీరు అంచనా వేసింది ఏ రేటు? అది పొద్దున షాపుల్లో వేసే రేటా?

మార్కాపురం_పలక

`KFold(n_splits=10, shuffle=True)`. రేటు అంటే ఇక్కడి షాపుల్లో పొద్దున పెట్టే 22 క్యారెట్ల రేటు.

ఒంగోలు_పద్మ

అయితే రెండు సంగతులు వేరువేరుగా చూద్దాం.

కలిపి కోసినప్పుడు మంగళవారం టెస్టులో పడితే సోమవారం, బుధవారం ట్రైనింగ్‌లో ఉంటాయి. పక్కరోజుల ఇన్‌పుట్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి చెట్టు ఆ రెండు రోజుల్నీ గుర్తుపెట్టుకుని మధ్య రోజుకి జవాబు చెప్పేస్తుంది. నిజ జీవితంలో బుధవారం ఇంకా రాలేదు కదా. గతంతో నేర్పి, తర్వాతి కాలంతోనే పరీక్షించాలి: 2015 దాకా నేర్పి 2016ని అడగడం, 2016 దాకా నేర్పి 2017ని అడగడం, ఇలా ముందుకి జరుపుకుంటూ పోవాలి.

రెండోది మన ఊళ్లకి సంబంధించింది. అమెరికాలో ఫ్యూచర్స్ జోరుగా నడిచేది మనకి సాయంత్రం ఏడు తర్వాత. ఇక్కడ షాపు రేటు పొద్దున వేస్తారు. అంటే రాత్రి అక్కడ జరిగింది పొద్దున ఇక్కడి బోర్డు మీదికి ఎక్కుతుంది. మీ మోడల్ రాత్రి ముగింపు చూసి పొద్దున బోర్డు రేటు చెబుతోంది. అది 67 ఏమిటి, ఇంకా ఎక్కువ సరిగ్గా చెప్పినా ఆశ్చర్యం లేదు. అది అంచనా కాదు, జరిగిపోయిన ధర ఆలస్యంగా చేరడం. మన సరుకుల ఎక్స్చేంజి ఎంసీఎక్స్ కూడా కనీసం రాత్రి 11:30 దాకా తెరిచే ఉంటుంది, ఆ కదలిక అప్పటికే అక్కడి ధరలో కలిసిపోయి ఉంటుంది. బోర్డు రేటు తీసేసి ఎంసీఎక్స్ రాత్రి ముగింపు నుంచి మర్నాటి రాత్రి ముగింపు దాకా అడిగి చూడండి.

చిన్నబజారు_ఆచారి

ఆమె చెప్పింది వాస్తవం. రాత్రి బాగా పెరిగితే పొద్దున పాత రేటుకి ఎవరూ ఇవ్వరు. ఒక్కోసారి మధ్యాహ్నం కూడా రేటు మారుస్తాం. కొనేవాళ్లకి రాత్రి వార్త తెలిసినా, మూడు శాతం జీఎస్టీ, తరుగు, మజూరీ ముందు ఆ తేడా ఏపాటిది?

కావలి_కిరణ్

పద్మక్కా, నడిపాను. నా మోడల్ 0.9 శాతం, ఏ చదువూ లేనిది 0.6 శాతం. 2023 అక్టోబరు నెల పెద్దది చేసి చూస్తే మీరు చెప్పినట్టే గీత ఒక రోజు వెనక నడుస్తోంది. ఇజ్రాయెల్ యుద్ధం మొదలయ్యాక ధర లేచిన ప్రతి రోజూ నాది మర్నాడు లేచింది.

ఆచారి గారూ, 2024 జులై 23కి నా మోడల్ ముందురోజు ధర దగ్గరే చెప్పింది. పడిపోయిన తర్వాత, 24న తగ్గించి చెప్పింది.

ఇంకోటి. ధరల్ని 0 నుంచి 1 మధ్యకి కుదించే స్కేలింగ్‌కి `MinMaxScaler` వాడాను, మొత్తం డేటా మీద ఒకేసారి ఫిట్ చేశాను. అందులో ఏమైనా ఇబ్బంది ఉందా?

పెన్నా_గట్టు (నెల్లూరు)

ఉంది తమ్ముడూ. మొత్తం డేటా మీద ఫిట్ చేస్తే 2024లో అత్యధిక ధర ఎంతో నీ మోడల్‌కి ముందే తెలిసిపోయినట్టు. ధర 0.7 దగ్గర ఉందంటే పైన ఇంకా చోటుందని అర్థం. 2021లో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలియదు. ట్రైనింగ్ భాగం మీదే ఫిట్ చేసి మళ్లీ నడుపు. ఏమొస్తుందో చెప్పు, నేను ఊహించింది వస్తుందేమో చూద్దాం.

కావలి_కిరణ్

అన్నా, తప్పు 4 శాతం దాటింది. ట్రైనింగ్ కాలంలో అత్యధిక ధర 2020 ఆగస్టులోది, యాభై ఆరు వేల దరిదాపు. టెస్టులో ధర అది దాటి పోతున్నకొద్దీ మోడల్ గీత చదునుగా పడుకుని కిందే ఉండిపోతోంది. 2024 చివర్లో అసలు ధరకీ దానికీ మధ్య వేల రూపాయల తేడా.

పెన్నా_గట్టు

అదే ఊహించాను. ఎల్‌ఎస్‌టీఎం లోపల విలువలు ఒక హద్దు దాటి పోలేవు. తాను చూడని ఎత్తుకి ధర పోతే దానికి అందదు. పలక గారి ర్యాండమ్ ఫారెస్ట్‌కి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ధరనే నేరుగా చెప్పమంటే, ట్రైనింగ్‌లో చూసిన అత్యధిక ధర కన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ చెప్పలేదు. చెట్టు కొసన ఉండేది పాత ధరల సగటే కాబట్టి. బంగారం కొత్త రికార్డు పెట్టిన ప్రతిరోజూ అది తక్కువే చెబుతుంది.

అందుకే ధర అడగొద్దు. ఎంత శాతం మారుతుందో అడుగు.

కావలి_కిరణ్

శాతం మార్పుతో చేశాను. ఇప్పుడు ఆర్ స్క్వేర్ సున్నాకి కొంచెం కింద, మైనస్‌లో ఉంది. అయితే దిశ మాత్రం 53 శాతం రోజులు సరిగ్గా వచ్చింది. సగం కన్నా ఎక్కువే కదా అక్కా? దీంతో ఏమైనా పని జరుగుతుందా?

ఒంగోలు_పద్మ

టెస్టులో ఎన్ని రోజులున్నాయి? మూడేళ్లంటే సుమారు 750 అనుకుందాం. 750 సార్లు నాణెం ఎగరేస్తే బొమ్మ పడే శాతం సరిగ్గా 50 రాదు. 46 నుంచి 54 మధ్య ఎక్కడైనా రావడం మామూలే. నీ 53 ఆ గిరి లోపలే ఉంది.

దానికన్నా ముందు ఇంకో పోలిక. ఏ మోడలూ లేకుండా రోజూ "పెరుగుతుంది" అని రాసుకుంటూ పోతే నీ టెస్టు కాలంలో ఎంత శాతం సరిపోయింది? అది లెక్కేసి చెప్పు. 2022 నుంచి 2024 దాకా బంగారం పెరిగిన కాలం, కాబట్టి అక్కడ 50 దాటినంత మాత్రాన ఏమీ తేలదు.

మరో మాట. 60 రోజుల కిటికీ ఎట్టా ఎంచుకున్నావు? 30, 90 కూడా ప్రయత్నించి, టెస్టులో బాగా వచ్చిందే పెట్టావా?

కావలి_కిరణ్

ఎప్పుడూ "పెరుగుతుంది" అంటే 54 వచ్చింది. కిటికీ, లేయర్లు, డ్రాపౌట్ అన్నీ మార్చి చూసి, టెస్టులో తక్కువ తప్పు వచ్చింది ఉంచాను. మా సీనియర్లు అందరూ అట్టాగే చేశారు.

ఒంగోలు_పద్మ

అట్టా ఎంచుకున్నాక ఆ 20 శాతం ఇక టెస్టు కాదు, అదీ ట్రైనింగ్‌లో భాగమే. డేటాని మూడు ముక్కలు చెయ్యి. మొదటిదాంతో నేర్పు, రెండోదాంతో సెట్టింగులు ఎంచుకో, మూడోది ఆఖర్న ఒక్కసారే తెరువు. అక్కడ ఏమొస్తే అదే రిపోర్టులో రాయి.

గూడూరు_నిమ్మతోట (గూడూరు)

మీరంతా ధరల చుట్టూనే తిరుగుతున్నారు. బంగారానికి వడ్డీ రాదు. అందువల్ల ద్రవ్యోల్బణం తీసేశాక అమెరికా పదేళ్ల బాండ్ మీద వచ్చే నిజ వడ్డీ తగ్గితే బంగారం పెరుగుతుంది, అది పెరిగితే బంగారం తగ్గుతుంది. 2018 చివర్లో ఆ వడ్డీ 1.1 శాతం దగ్గర, ఔన్సు బంగారం 1,220 డాలర్ల దగ్గర ఉన్నాయి. 2020 ఆగస్టుకి వడ్డీ మైనస్ 1కి పోయింది, బంగారం 2,060కి చేరింది. ఇంతకన్నా గట్టి సంబంధం ఏం కావాలి? ఈ ఒక్క ఇన్‌పుట్ పెట్టి సాదా రిగ్రెషన్ చేసినా చాలు.

ఒంగోలు_పద్మ

కారణం చెప్పి మొదలెట్టారు, అది మంచి పద్ధతి. ఆ సంబంధం చాలా ఏళ్లు బాగా నిలిచింది కూడా. ఇప్పుడు మీ అంకెలతోనే ముందుకి పోదాం.

వడ్డీ రెండు శాతం చిల్లర తగ్గితే బంగారం 840 డాలర్లు పెరిగింది. అంటే ఒక శాతానికి సుమారు 400 డాలర్లు. 2021 ఆఖరి రోజున ఈ లెక్క చేతిలో పెట్టుకుని కూర్చున్నామనుకోండి. బంగారం 1,800 దగ్గర, నిజ వడ్డీ మైనస్ 1 దగ్గర ఉన్నాయి. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీలు గబగబా పెంచింది. ఏడాది చివరికి నిజ వడ్డీ ప్లస్ 1.5 చేరింది. రెండున్నర శాతం పెరుగుదల. మీ లెక్క ప్రకారం బంగారం వెయ్యి డాలర్లు పడి 800 దగ్గర ఉండాలి. ఏడాది ముగిసేసరికి అది 1,800 పైనే ఉంది. ఆ తర్వాత వడ్డీ 2 శాతం దగ్గర ఉండగానే కొత్త రికార్డులు పెట్టింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా విదేశీ నిల్వల్ని పశ్చిమ దేశాలు స్తంభింపజేశాయి. కేంద్ర బ్యాంకులు 2022లో వెయ్యి టన్నులకి పైగా బంగారం కొన్నాయి, తర్వాతి రెండేళ్లూ అదే స్థాయిలో కొన్నాయి. వాళ్లు వడ్డీ చూసి కొనే రకం కాదు. పాత డేటాలో ఇంత పెద్ద కొనుగోలుదారు లేడు. మోడల్‌కి ఆ సంగతి నేర్పే వరస ఎక్కడా లేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పై లెక్కలో 2022 వడ్డీ ఎంతో మనకి ముందే తెలుసని పెట్టుకున్నాం. నిజంగా అయితే అదీ అంచనా వేయాల్సిందే. 1983లో మీస్, రొగాఫ్ అనే ఆర్థికవేత్తలు విదేశీ మారక రేట్ల మీద ఇట్టాంటి పరీక్షే పెట్టారు. మోడళ్లకి తర్వాతి కాలపు అసలు వడ్డీలు, ద్రవ్య సరఫరా అంకెలు ముందే చేతికిచ్చారు. అయినా "నిన్నటి రేటే రేపటి రేటు" అన్నదాన్ని అవి ఓడించలేకపోయాయి.

గూడూరు_నిమ్మతోట

2022 విడిపోయిందని ఒప్పుకుంటా. కానీ ఎత్తు మారినా కదలిక మారలేదని నా అభిప్రాయం. ఇప్పటికీ అమెరికా ఉద్యోగాల లెక్క వచ్చి వడ్డీ ఎగిరిన రోజు బంగారం పడడం చూస్తూనే ఉన్నాం.

ఒంగోలు_పద్మ

అదే రోజు కదలికలో సంబంధం ఉంది, కాదనను. ఎందుకు కదిలిందో చెప్పడానికి అది పనికొస్తుంది. రేపటి కదలిక చెప్పడానికి రేపటి వడ్డీ కావాలి.

ఉదయగిరి_లక్ష్మి (ఉదయగిరి)

నాది వేరే బాధ. నగలు తాకట్టు పెట్టి వ్యవసాయానికి అప్పు తెచ్చుకున్నాం. ఒక ఫోన్ యాప్‌లో "వచ్చే నెల 8 శాతం తగ్గుతుంది, 92 శాతం నమ్మకం" అని వస్తే, తగ్గితే ఇంకా నగలు తెచ్చి పెట్టమంటారేమోనని భయపడి, ఉన్నవాటిలో ఒక గొలుసు అమ్మి అప్పు కట్టేశాం. ఆ నెల ధర పెరిగింది. ఆ 92 ఎక్కడి నుంచి తెచ్చారో ఎవరన్నా చెప్పగలరా? ఇలాంటి అంకె చూసినప్పుడు ఏం అడగాలి?

పెన్నా_గట్టు

అమ్మా, ఆ 92 వాళ్లు ఎట్టా లెక్కేశారో బయట నుంచి చెప్పలేం. అడగాల్సింది మాత్రం ఉంది. గతంలో "92 శాతం నమ్మకం" అని చెప్పిన అంచనాలన్నీ తేదీలతో సహా చూపించమనాలి. వందలో తొంభై రెండు నిజంగా జరిగాయా అని చూడాలి. ముందుగా తేదీ వేసి దాచిన జాబితా లేకపోతే ఆ అంకెని పక్కన పెట్టేయడమే. పాత ధరల మీద వెనక్కి నడిపి చూపించేది లెక్కలోకి రాదు. కిరణ్ మోడల్‌కి 0.99 వచ్చింది ఆ దారినే.

ఒంగోలు_పద్మ

లక్ష్మి గారూ, మీలాంటివాళ్లకి పనికొచ్చే అంకె ఒకటుంది. ధర ఎటు పోతుందో చెప్పడం కష్టం కానీ, ఎంత ఊగుతుందో కొంతవరకు చెప్పొచ్చు. ఎక్కువ ఊగిన రోజుల వెనక ఎక్కువ ఊగే రోజులే వస్తాయి, నెమ్మదిగా ఉన్న కాలం కొన్నాళ్లు నెమ్మదిగానే ఉంటుంది. గార్చ్ మోడళ్లు పట్టుకునేది దీన్నే. చూడని డేటా మీద కూడా ఇది నిలుస్తుంది.

రోజుకి ఒక శాతం ఊగుతున్న కాలం అనుకోండి. నెలకి 21 వ్యాపార దినాలు, దాని వర్గమూలం 4.6. అంటే మూడు నెలల్లో రెండింటిలో ధర ఇప్పటి దానికి నాలుగున్నర శాతం అటూ ఇటూ లోపల ఉంటుంది, మూడోసారి బయటికి పోతుంది. తాకట్టు పెట్టేటప్పుడు తొమ్మిది, పది శాతం తగ్గినా ఇబ్బంది లేనంత ఎడం ఉంచుకుంటే, ఒక నెల కదలికకి చాలావరకు తట్టుకోవచ్చు. సుంకం తగ్గింపులాంటిది ఈ లెక్కలో ఉండదు, అది ప్రభుత్వ నిర్ణయం. అందుకే కిరణ్ కూడా డాలర్ ధర, రూపాయి మారకం, సుంకం మూడూ విడగొట్టి, మోడల్‌ని డాలర్ ధర మీదే నడపాలి. ఒకే రూపాయి వరసలో కలిపేస్తే 2024 జులై 23ని మార్కెట్ పతనం అని నేర్చుకుంటుంది.

మార్కాపురం_పలక

మీరు చెప్పినట్టు ఎంసీఎక్స్ రాత్రి ముగింపుతో, తేదీల వరసలో కోసి చూశాను. 67 కాస్తా 51 అయింది. రోజువారీ సంగతి వదిలేస్తున్నా. కానీ నెలల లెక్కలో? గడిచిన పన్నెండు నెలలు పెరిగితే వచ్చే నెల కూడా పెరుగుతుందన్న పద్ధతి మీద 2012లో మంచి పరిశోధన వచ్చింది, ఫ్యూచర్స్ మార్కెట్లలో పని చేసిందని.

ఒంగోలు_పద్మ

ఆ పరిశోధన 58 కాంట్రాక్టుల మీద. అన్నీ కలిపి చూస్తే లాభం కనబడింది. బంగారం ఒక్కదాని మీద తేల్చాలంటే ముప్ఫై ఏళ్లకి 360 నెలలే ఉంటాయి, పైగా పన్నెండు నెలల కిటికీలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఉందని చెప్పడానికీ లేదని చెప్పడానికీ డేటా చాలదు. నా మొగ్గు లేదనే వైపు.

మార్కాపురం_పలక

నా మొగ్గు ఉందనే వైపు. ముందుకి జరిపే పద్ధతిలో నడిపి ఇక్కడే పెడతాను.

చిన్నబజారు_ఆచారి

కిరణ్, నాన్నకి నా మాటగా చెప్పు. పది సవర్లు ఒకేరోజు కొనక్కర్లేదు. పెళ్లి దాకా నెలకి కొంచెం కొంచెం తీసుకోండి, లేదా ముద్ద బంగారం తీసి పెట్టుకుని నగ చివర్లో చేయించుకోండి.

పెన్నా_గట్టు

ఆచారి గారూ, విడతలుగా కొంటే సగటు రేటు పడుతుంది, నిజమే. కానీ బంగారం పెరుగుతూ పోయిన ఏడాదిలో మొదటే కొన్నవాళ్లకి తక్కువ పడింది కదా. విడతల వల్ల చవక అవుతుందని చెప్పలేం. ఒకే రోజు రేటుకి చిక్కుకోకుండా ఉంటారంతే.

చిన్నబజారు_ఆచారి

చిక్కుకోకుండా ఉండడం కోసమే చెప్పేది. ఆడపిల్ల పెళ్లికి డబ్బు పోగేసుకున్నవాళ్లకి అదే ముఖ్యం.

కావలి_కిరణ్

నాన్నకి చెప్పాను, ఏ వారం తగ్గుతుందో ఈ మోడల్ చెప్పలేదని. ఆచారి గారి మాట కూడా చెప్పాను, ఆలోచిస్తానన్నారు.

ప్రాజెక్టు పేరు మారుస్తున్నాను. డాలర్ ధర మీద, 2012 నుంచి ఏడాదికి ఏడాది ముందుకి జరుపుతూ, ఎల్‌ఎస్‌టీఎం, ర్యాండమ్ ఫారెస్ట్, "నిన్నటి ధరే" మూడింటినీ పక్కపక్కన పెడతాను. ఇంకో అధ్యాయంలో గార్చ్‌తో నెల హద్దులు. పద్మక్కా, 90 శాతం హద్దు గీస్తే వందలో పది నెలలు బయటికి పోవాలి కదా. ఏడాదికి పన్నెండు నెలలే. పదమూడేళ్లు కలిపినా 156. పన్నెండు నెలలు బయటికి పోయినా ఇరవై పోయినా హద్దు సరైనదేనని అనాలా?

ఒంగోలు_పద్మ

156లో పదిహేను, పదహారు బయటికి పోవాలని లెక్క. కేవలం అదృష్టం వల్లే అది ఎనిమిది నుంచి ఇరవై మూడు దాకా మారొచ్చు. పన్నెండు వచ్చినా ఇరవై వచ్చినా హద్దు తప్పని చెప్పలేవు, సరైనదని రుజువూ కాలేదు. బయటికి పోయిన నెలలు ఎప్పుడెప్పుడు పోయాయో తేదీలతో రాయి. 2013 ఏప్రిల్‌లాగా రెండు రోజుల్లో పదమూడు శాతం పైగా పడిన చోట ఏం చెప్పిందో విడిగా చూపించు. మీ గైడ్ ఆర్ స్క్వేర్ అడిగితే ఆ పట్టిక ముందు పెట్టు.